ముందుగా ఆర్డరు పెట్టని మనిషి

దీపావళి ఇంకా రెండు వారాలు ఉందనగా కోగిలవాణి ఏటా ఒక మెసేజి రాసి, ఫోనులో ఉన్న ఖాతాదారులందరికీ పంపుతుంది. రాయడమంటే కొత్తగా రాయడం కాదు. నిరుటిది బయటికి తీసి, తేదీలు మార్చి, నిరుడు ఎవరెవరు ఎలా ప్రాణం తీశారో గుర్తు తెచ్చుకుని, అందుకు తగ్గట్టు రెండు మూడు మాటలు చేరుస్తుంది. అందువల్ల ఆ మెసేజి ఏటికేడాది పొడుగవుతూ పోతోంది. చదివేవాళ్లు మాత్రం తగ్గిపోతున్నారని ఆమె బాధ.

మలేషియాలోని క్లాంగ్ ఊళ్లో చీరల దుకాణాలూ మురుకుల కొట్లూ కిక్కిరిసిన వీధి మలుపులో ఉంటుంది ఆమె పూలకొట్టు. తండ్రి పెట్టింది. ఆయన పోయాక ఆమె చేతికొచ్చింది. ఇప్పుడు ఆమెకు యాభై దాటాయి. పెళ్లెందుకు కాలేదంటే చెప్పుకోదగ్గ కథేమీ లేదు. తమ్ముళ్ల చదువు, తండ్రి మంచాన పడడం, ఆ తర్వాత అడిగేవాళ్లు లేకపోవడం, అంతే. ఊళ్లో సగం పెళ్లిళ్లకు దండలు ఆమె చేతివే.

"చదువు, విందాం," అంది అంజలై అక్క, గుళ్లో కూర్చున్నట్టు పీట మీద కూర్చుని చామంతులు కడుతూ. అంజలై కోగిలవాణి తండ్రి కాలం నుంచీ ఆ కొట్లో దండలు కట్టే మనిషి. చదువు రాదు. కానీ మెసేజి ఆమె విని సరే అన్నాకే బయటికి వెళ్లాలి.

కోగిలవాణి కళ్లజోడు సర్దుకుని చదివింది.

"వణక్కం. దీపావళి పూల ఆర్డర్లు తీసుకుంటున్నాం. వచ్చే శుక్రవారం సాయంత్రంలోగా చెప్పినవాళ్లకు మామూలు ధర, ఇంటికే తెచ్చిస్తాం. ఆ తర్వాత చెప్పేవాళ్లకు ఆ రోజు ధర. ఇంటికి తేలేం, కొట్టుకొచ్చి మీరే తీసుకెళ్లాలి. మల్లె కోయంబత్తూరు వైపు తోటల నుంచి విమానంలో వస్తుంది. చామంతి, గులాబి కామెరాన్ కొండల మీంచి లారీలో వస్తాయి. మల్లెలు మొగ్గలుగానే ఇస్తాం. మీ ఇంట్లో దీపం పెట్టే వేళకు అవే విచ్చుకుంటాయి. విచ్చిన పూలు కావాలని పోట్లాడకండి, విచ్చిన మల్లె సాయంత్రానికి రంగు మారుతుంది. తెచ్చాక తడిగుడ్డలో చుట్టి చల్లటి చోట ఉంచండి. నీళ్లు చిలకరించకండి. ఫ్రిజ్‌లో పెడితే కింది అరలో పెట్టండి, చేపల పక్కన వద్దు."

"ఆ చేపలావిడ పేరు కూడా రాయవే."

"ఊరుకో అక్కా. విను. పండగ ముందురోజు పొద్దున ఏడు నుంచి పది దాకా గుమ్మం తోరణాలు తెస్తాం. మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, పెద్దలకు పెట్టుకునే ఇళ్లకు ఫొటో దండలు. పండగనాడు తెల్లవారకముందు గుడి దండలు, తల్లోకి పూలు. ఆ వేళకు ఇంట్లో మనిషి ఉండాలి. గేటుకు తగిలించి పొమ్మంటే ఎండకు వాడిపోయే పూచీ మాది కాదు. ఫొటో దండకు ఫ్రేము కొలత చెప్పండి."

"ధర సంగతి?"

"వస్తున్నా. పండగ దగ్గర పడితే ధర ఎందుకు పెంచుతారని ఏటా అడుగుతున్నారు. కోయంబత్తూరు వైపు ఇది వానల కాలం. తడిసిన మొగ్గ నల్లబడుతుంది, కోసినదాంట్లో చాలా భాగం పారబోస్తారు. మిగిలినదాని కోసం అక్కడివాళ్లూ, మనమూ, సింగపూరువాళ్లూ ఎగబడతాం. విమానంలో చోటు పండగని పెరగదు. కట్టేవాళ్లకు రెండింతల పని, దానికి తగ్గ కూలి ఇవ్వాలి. అందరికీ ఒకే రోజు కావాలి, అందుకే ధర పెరుగుతుంది. మేం దాచిపెట్టి పెంచుతున్నామనుకోకండి. మల్లెను దాచడం ఎవరి తరమూ కాదు."

అంజలై కట్టడం ఆపింది. "బాగుంది. అన్నీ చెప్పావు. ఇంత చెప్పినా చెవికెక్కని మనిషి ఒకడున్నాడు కదా, కాపార్ నుంచి వస్తాడు. ఆయన కోసం విడిగా ఒకటి రాయి."

"ఎవరు?"

"అబ్బో, ఎవరట!"

కోగిలవాణి మెసేజి పంపేసింది. ముఖం మాత్రం ఫోను మీంచి ఎత్తలేదు.

క్లాంగ్ పక్కనే ఉన్న కాపార్ ఊరి ఆ మనిషి పేరు గుణశేఖరన్. పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యాడు. ఆరేళ్ల కిందట భార్య పోయింది. ఆ ఏడాది దీపావళి ముందురోజు, వీధి నిండా జనం తోసుకుంటూ ఉంటే, ఆయన కొట్టు పందిరి కింద నిలబడి, ఫొటోకు దండ కావాలి, ఫ్రేము కొలత తెలియదు అన్నాడు. చేతులు చాపి ఇంత ఉంటుంది అని చూపించాడు. కోగిలవాణి టేపు పెట్టి ఆయన చేతుల మధ్య ఖాళీని కొలిచింది. ఆ రోజు నుంచి ఆ మనిషి ఆమె మనసులో ఒక మూల కూర్చున్నాడు. లేవమంటే లేవడు.

మరుసటి ఏడు నుంచి ఆయనకూ మెసేజి వెళుతోంది. ఒక్కసారైనా గడువులోగా ఆర్డరు పెట్టిన పాపాన పోలేదు. గడువు దాటాక, పండగ రెండు రోజులుందనగా ఫోను చేస్తాడు. "ఆలస్యమైంది. దొరుకుతుందా?" ఇంటికి తెచ్చివ్వడం కుదరదు కాబట్టి తానే వస్తాడు. ఒక ఫొటో దండ, ఒక గుమ్మం తోరణం. ఆ రోజు ధర అడక్కుండా ఇస్తాడు. ఒకసారి ఆమె తగ్గించి చెబితే, బోర్డు మీద రాసినంతా లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు.

"మెసేజి చూళ్లేదా?" అని ఆమె కసురుతుంది.

"చూశాను. మర్చిపోయాను," అంటాడు, నేల చూస్తూ.

అప్పటికే దండ సిద్ధంగా ఉన్నా, ఆమె కొస దగ్గర నాలుగు వరసలు విప్పి ఆయన ముందే మళ్లీ కడుతుంది. ఆ కాసేపూ ఆయన దవనం బుట్ట పక్కన నిలబడి, ఒక రెమ్మ తుంచి, వేళ్ల మధ్య నలిపి వాసన చూసి చొక్కా జేబులో వేసుకుంటాడు. ఇద్దరూ వానల గురించి, రోడ్డు పని గురించి మాట్లాడుకుంటారు. అంతే. ఏడాదికి ఆ పావుగంట. చనిపోయిన ఇల్లాలి కోసం కట్టే ఆ దండలో కోగిలవాణి తన కొట్లో ఉన్న మంచి పూలన్నీ పెట్టేది. ఎందుకు పెడుతోందో తనకు తెలుసు. తెలిసినందుకు సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే ఇంకాస్త నిగనిగలాడే మొగ్గల కోసం బుట్ట అడుగుదాకా వెతికేది.

కొట్టుకొచ్చిన ప్రతి మగవాణ్ణీ ఆమె అన్నా అనే పిలుస్తుంది. చేపల బండివాడు అన్న, పోలీసు అన్న, గుడి పూజారి కూడా అన్నే. గుణశేఖరన్‌ను మాత్రం ఏమనీ పిలవదు. ఆయన కూడా ఆమెను ఏమనీ పిలవడు. "మీ ఇద్దరికీ పేర్లు పెట్టడం మీ అమ్మానాన్నలు మర్చిపోయారా?" అని అంజలై ఏటా అడుగుతుంది.

ఈసారి కోగిలవాణి ఒక నిర్ణయానికొచ్చింది. ఆయన వచ్చినప్పుడు లోపల కుర్చీ వేసి, కూర్చోండి, టీ తాగి వెళ్లండి అనాలి. పెద్ద సంగతేమీ కాదు, వీధిలో ఎవరైనా ఎవరితోనైనా అనే మాటే. కానీ ఆరేళ్లుగా నాలుక చివర ఎండిపోతున్న మాట అది. దాని కోసం ఒక కొత్త గ్లాసు కూడా కొని పెట్టుకుంది.

మెసేజి పంపి అరగంట కాలేదు, ఫోనులో జవాబొకటి వచ్చింది. మొట్టమొదటి ఆర్డరు. ఆమె నంబరు చూసి కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. గుణశేఖరన్ నంబరే.

"ఫొటో దండలు రెండు. పండగ ముందురోజు మధ్యాహ్నం ఇంటికి తెచ్చివ్వండి." కింద కాపార్‌లోని ఇంటి చిరునామా. ఇంకేమీ లేదు.

ఆమె దాన్ని మళ్లీ మళ్లీ చదివింది. గడువుకు ముందే. ఇంటికి తెచ్చివ్వమని. అంటే రాడు. సరే, రాకపోతే పోనీ, మనిషికి బుద్ధొచ్చింది, డబ్బు మిగుల్చుకుంటున్నాడు అని సర్దిచెప్పుకోబోయింది. అప్పుడు ఆ 'రెండు' అన్న మాట కంటబడింది.

"అక్కా, కాపార్ నుంచి ఆర్డరొచ్చింది. ఫొటో దండలు రెండట."

"తోరణం?"

"లేదు."

అంజలై చేతిలోని దారం ఒళ్లో పడింది. ఇద్దరూ పూలమ్ముకునేవాళ్లు. తోరణం అడగని ఇంటి సంగతి వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ ఏడాది చావు జరిగిన ఇంట్లో పండగ చేసుకోరు. గుమ్మానికి ఆకు కట్టరు, వాకిట్లో ముగ్గెయ్యరు. పెద్దలకు పెట్టుకోవడం మాత్రం మానరు. ఫొటో ఒకటి పెరిగింది, తోరణం పోయింది.

"ఎవరై ఉంటారు?" అంది అంజలై మెల్లగా.

"ఎవరో పెద్దవాళ్లు అయ్యుంటారు."

"ఫోను చేసి అడగవే."

కోగిలవాణి తల అడ్డంగా ఊపింది. ఫొటో ఎవరిదని అడగకూడదు. తండ్రి మొదటి రోజే చెప్పిన మాట. అడిగితే వాళ్లు పోయినవాళ్లను ఇంకోసారి పోగొట్టుకున్నట్టు చెప్పుకోవాలి. పూలవాళ్లు అడగదగ్గవి రెండే, ఫ్రేమెంత, వాళ్లకు ఏ పువ్వంటే ఇష్టం. పెద్దలకు పెట్టేటప్పుడు వాళ్లు ఇష్టంగా తిన్నదే వండుతారు, ఇష్టపడ్డ పువ్వే వేస్తారు. ఆ రెండూ అడగడం తప్పు కాదు. నిజానికి ఆమె భయం తండ్రి మాట గురించి కాదు. ఫోను చేస్తే ఎవరి గొంతు పలుకుతుందో అని భయం.

ఆ రెండు ప్రశ్నలూ రాసి పంపింది. జవాబు సాయంత్రానికి వచ్చింది.

"ఫ్రేములు రెండూ ఒకే కొలత, రెండడుగులు. అమ్మకి మల్లె. రెండోదానికి మీ ఇష్టం."

అమ్మకి అని ఉంది. అంటే రాసింది ఆయన కాదు, కూతురు. ఆయనకో కూతురుందనీ, బ్యాంకులో పని చేస్తుందనీ ఒకసారి వానల మాటల మధ్య చెప్పాడు. ఆయన ఎప్పుడూ రాయడు కూడా, ఫోను చేసి ఆలస్యమైంది అంటాడు. ఆయన ఫోను ఇప్పుడు కూతురి చేతిలో ఉంది. ఎందుకుంటుంది?

కోగిలవాణి లోపలికెళ్లి కొత్త గ్లాసును గూట్లోంచి తీసి, వెనక అరలోకి నెట్టి, ముందర పాత డబ్బాలు పెట్టింది. కనబడకుండా ఉంటే బాగుంటుందనుకుంది. గంటకోసారి ఆ డబ్బాల వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాతి రోజులు ఆర్డర్ల మధ్య గడిచాయి. కొందరు విచ్చిన పూలు కావాలన్నారు, కొందరు ధర చూసి దోపిడీ అన్నారు, ఒకాయన పండగనాడు పొద్దున తొమ్మిదింటికి తోరణం తెమ్మని తగువేసుకున్నాడు. ఆమె అందరికీ ఓపిగ్గా జవాబులిచ్చింది. ఎప్పుడూ లేని ఆ ఓపిక చూసి అంజలైకే భయమేసింది.

"తిట్టవే ఒకళ్లనైనా. నువ్వు తిట్టకపోతే పండగొచ్చినట్టు లేదు."

"ఓపిక లేదక్కా."

"చెప్పుకుని ఏడవ్వచ్చు కదా."

"ఏమని ఏడవను? నాకేమవుతాడని?"

అంజలై చామంతుల బుట్ట ఆమె వైపు జరిపింది.

పండగ ముందురోజు మల్లెల పెట్టెలు వచ్చాయి. వానలకు నాణ్యం పడిపోయింది, మొగ్గల మధ్య తడిసి నల్లబడ్డవి కనబడుతున్నాయి. కోగిలవాణి కాపార్ దండలకు ఒక్కొక్క మొగ్గా ఏరుకుంది. మొదటి దండ ఏటా కట్టినట్టే కట్టింది. తెల్లటి మల్లెలు, కొసన గులాబి గుత్తి. రెండోది మొదలుపెట్టి చాలాసేపు ఉత్త దారం పట్టుకుని కూర్చుంది. మీ ఇష్టం అన్నారు. ఆయనకు ఏ పువ్వు ఇష్టమో కూతురికి తెలియదన్నమాట. తనకు తెలుసు.

ఆమె దవనం బుట్ట ముందుకు లాక్కుంది. పసుపు చామంతికి ఒక వరస, దవనానికి ఒక వరస. ఫొటో దండలో దవనం అంత దట్టంగా ఎవరూ పెట్టరు. పువ్వు కాదు కాబట్టి కంటికి ఆనదు, వాసనే ఆస్తి. రెమ్మ రెమ్మకీ ఆ మనిషి వేళ్లు గుర్తొచ్చాయి. కళ్లు తుడుచుకుంటే చేతులకున్న ఘాటు అంటుకుని ఇంకా మండాయి. ఎదురుగా నిలబడి పూలడుగుతున్నావిడ, "ఏమైంది?" అంటే, "దవనం ఘాటు," అంది. ఒక్క టీ. ఆరేళ్లలో ఒక్కసారి టీ తాగమని అడిగి ఉంటే ఏం పోయేది? ఆ ప్రశ్న దండతో పాటు పొడుగవుతూ వచ్చింది.

మధ్యాహ్నం దండలు తీసుకెళ్లే కదిరేశన్ వ్యాను తాళాల కోసం చెయ్యి చాచాడు.

"కాపార్ వైపు నేను వెళతాను. నువ్వు మేరు ఊరి వైపు మోటారు సైకిలు మీద వెళ్లిరా."

"నీకేమైనా పిచ్చా?" అని అంజలై పీట మీంచి లేచేసింది. "ఏడాదంతా ఈగలు తోలుకున్నాం. ఇవాళ వీధంతా మన కొట్టు ముందుంది. నువ్వు వెళ్లిపోతే ఈ గుంపుని ఎవరు చూస్తారు?"

"నువ్వే చూడు. నీకు నోరుంది."

అంజలై ఆమె ముఖం చూసింది. అరిటాకులో చుట్టిన రెండు దండలనూ తానే తెచ్చి వ్యానులో నీడ పక్కన పెట్టింది. "వెళ్లిరా. లోపలికి రమ్మంటే వెళ్లు. గుమ్మంలోనే నిలబడి వచ్చెయ్యకు," అంది.

కాపార్ రోడ్డు పండగ రద్దీతో నత్తలా కదులుతోంది. దారిలో రెండిళ్లకు దండలిచ్చి, నాలుగున్నర కాకముందే ఆ వీధి మలుపు తిరిగింది. వరస ఇళ్లు. ఒక్కో గుమ్మానికి తన కొట్టు తోరణాలో పొరుగు కొట్టువో వేలాడుతున్నాయి, వాకిళ్లలో రంగు బియ్యం ముగ్గులు. ఆయన ఇంటి ముందు నేల కడిగి ఖాళీగా ఉంది. గుమ్మం బోసిగా ఉంది. దండలు రెండు చేతుల మీదా పెట్టుకుని గేటు దగ్గర నిలబడి, "పూలు!" అని కేకేసింది. అది తన గొంతులా లేదు.

లోపలి నుంచి ఇనప తలుపు కిర్రుమంది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, గోడ పట్టుకుంటూ గుణశేఖరన్ బయటికి వచ్చాడు.

కోగిలవాణికి ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం. ఇన్ని రోజులు ఏడిపించి, తీరా చూస్తే లుంగీ కట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. బతికే ఉన్నారా అని నోటిదాకా వచ్చింది. దాన్ని మింగి, "ఫ్రేము కొలత సరిపోతుందో లేదో చూడాలి," అంది.

ఆయన ఆ గొంతు విని గోడ వదిలేశాడు. "మీరా? మీరు వచ్చారా?"

"మనుషులు లేరు. పండగ రద్దీ." అబద్ధం అలవోకగా వచ్చేసింది. "కళ్లకేమైంది?"

"ఆపరేషన్. షుగరు కదా. బరువులెత్తొద్దు, చేతులు పైకెత్తొద్దు, బండి అసలే నడపొద్దు అన్నారు. ఫోను కూడా కనబడదు."

లోపల వడల నూనె చిటపటలాడుతోంది. పిండి చేతులతో ఒక అమ్మాయి తొంగి చూసింది. కూతురు యాళిని.

"ఆంటీ, పూలకొట్టు ఆంటీయేనా మీరు? సరిగ్గా టైముకి తెచ్చారు. లోపలికి రండి. అప్పా చెయ్యెత్తకూడదు, నా చేతులేమో ఇలా ఉన్నాయి. ఐదున్నరకల్లా దీపం పెట్టాలి. మీరే దండలు వేసేస్తారా?"

అంజలై మాట గుర్తొచ్చి కోగిలవాణి చెప్పులు విప్పింది.

గదిలో గోడకు రెండు ఫొటోలు. వాటి కింద అరిటాకు, తెల్లటి చీర, తమలపాకులు, వడలు, వేపిన మేకమాంసం, వాటి మధ్య పెద్దల కోసమే ఒక నల్ల బీరు సీసా. ఎడమ పక్క ఫొటోలో నలభై దాటిన ఇల్లాలు నవ్వుతోంది. ముందు పళ్ల మధ్య సందు, చెవులకు పెద్ద జూకాలు. కోగిలవాణి ఆరేళ్లుగా దండలు కట్టిన మనిషి. ఫ్రేము కొలత తప్ప ఆమె గురించి ఏమీ తెలియకుండా కట్టింది. మనసులో ఎప్పుడూ ఆవిడ ముఖం బిగించుకుని, తన వైపు గుర్రుగా చూస్తున్నట్టు ఊహించుకునేది. ఈవిడేమో ఎవరో జోకు చెబితే ఆపుకోలేక నవ్వినట్టు నవ్వుతోంది. కోగిలవాణి మల్లె దండ ఆవిడ మెడకు సర్దుతూ, లోపల్లోపల, నన్ను తప్పుగా అనుకోకమ్మా అంది.

కుడి పక్క ఫొటోలో తమలపాకు రసంతో ఎర్రబడ్డ పెదాల ముసలావిడ. గుణశేఖరన్ తల్లి, యాళినికి పాట్టి, అంటే నానమ్మ. మూడు నెలల కిందట, ఆడి నెలలో పోయింది.

కోగిలవాణి రెండో దండ అరిటాకు విప్పింది. గదంతా దవనం గుప్పుమంది. అప్పుడు గాని ఆమెకు తట్టలేదు, తాను కట్టి తెచ్చింది ఎవరి కోసమో. చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

గుణశేఖరన్ ముక్కు ఎగబీల్చాడు. "దవనమా?"

"అయ్యో ఆంటీ," అని యాళిని నవ్వేసింది. "పాట్టికి దవనం వాసన పడదు. అప్పా జేబులో తెచ్చి పెట్టుకుంటే తలనొప్పని గొడవ చేసేది. తప్పు నాదే, మీ ఇష్టం అని రాసింది నేనే. ఫర్వాలేదులెండి, ఇప్పుడు గొడవ చెయ్యడానికి ఆవిడ లేదుగా." ఆ చివరి మాటకు అమ్మాయి కళ్లు తడయ్యాయి. వడలు మాడుతున్నాయని వంటింట్లోకి వెళ్లింది.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆయన నల్లద్దాలు ఆమె వైపు తిరిగాయి.

"ఇది మా అమ్మ కోసం కట్టింది కాదు," అన్నాడు.

"కాదు."

"మరి ఎవరి కోసం?"

కోగిలవాణికి అబద్ధాలు చాలా వచ్చు, అరపూట కిందటి పూలను ఇప్పుడే దిగాయని చెప్పి కూడా అమ్మింది. కానీ ఆ క్షణాన ఒక్కటీ నోటికి రాలేదు. "మీ కోసం," అంది. "ఫోను కూతురి చేతిలో ఉంది, తోరణం లేదు, రెండు ఫొటోలు. మీరే అనుకున్నాను. మీరే పోయారనుకున్నాను." ముసలావిడ ఫొటో వైపు తిరిగి, "క్షమించు పాట్టి," అని గొణిగి ఆ దండే ఫ్రేముకు వేసింది.

ఆయన తడుముకుంటూ ఫొటో దగ్గరికొచ్చి, దండ కింది కొసలోంచి ఒక రెమ్మ తుంచి, అలవాటుగా జేబు వెతుక్కుని, చొక్కా లేదు కాబట్టి అరచేతిలోనే పట్టుకున్నాడు.

వంటింట్లోంచి యాళిని మాటలు వినబడుతున్నాయి. "ఆంటీ, నిజానికి మీ మెసేజి భలే బాగుంటుంది. అప్పా ఏటా రాగానే చదువుతాడు, నాకు కూడా వినిపిస్తాడు. చేపల పక్కన పెట్టొద్దన్నది నిరుడు లేదు కదా! అన్నీ చదివి ఫోను పక్కన పడేస్తాడు. అప్పా, ఆర్డరు పెట్టు అంటే ఇంకా టైముంది అంటాడు. తీరా గడువు దాటాక ఎక్కువ డబ్బిచ్చి, ఆ రద్దీలో పడి తానే వెళతాడు. ఈసారి ఫోను నా చేతికొచ్చింది కాబట్టి మొదటి రోజే పెట్టేశాను. తెలివైన పని చేశానా లేదా?"

"చేశావమ్మా," అంది కోగిలవాణి. ఆమె చూపు ఆ నల్లద్దాల మీదే ఉంది. చూశాను, మర్చిపోయాను అని నేల చూసే మనిషి. ఆ పావుగంట కోసం సాకు వెతుక్కుని నాలుగు వరసలు విప్పి కట్టినది తానొక్కతే అనుకుంది ఇన్నాళ్లూ.

ఆయన గేటు దాకా గోడ పట్టుకుని వచ్చాడు. పొరుగింటి వాకిట్లో ఎవరో టపాకాయ పేల్చారు. వ్యానులో ఇంకో ఇంటి దండ మిగిలే ఉంది, ఐదు కావస్తోంది.

"అంత ధర ఎందుకిచ్చారు, ఏటా?" అంది ఆమె.

"మీరే రాస్తారు కదా. అందరికీ ఒకే రోజు కావాలి, అందుకే ధర పెరుగుతుంది అని." ఆయన అరచేతిలోని రెమ్మను వేళ్ల మధ్యకు తెచ్చుకున్నాడు. "నాకూ ఏడాదికి ఆ ఒక్క రోజే ఉంది. దానికి నాకేం ఎక్కువనిపించలేదు."

కోగిలవాణి వ్యాను తలుపు పట్టుకుని నిలబడింది. ఆరేళ్లు ఒక్క పావుగంటను పట్టుకుని వేలాడారు ఇద్దరూ, ఎవరి కొస వాళ్లు. వెనక అరలోకి నెట్టేసిన కొత్త గ్లాసు గుర్తొచ్చింది.

"కళ్లు బాగయ్యాక రండి," అంది. "కొట్టు మామూలు రోజుల్లో కూడా తీసే ఉంటుంది."